నెల వానకు ఫొటోల లెక్క

రాత్రి కురిసిన వాన గురించి పొద్దున్నే రచ్చబండ దగ్గర నలుగురు కూర్చుంటే నాలుగు లెక్కలు వినిపిస్తాయి. ఒకరు మంచి పదునైందంటారు. ఇంకొకరు దుమ్ము అణిగింది అంతే అంటారు. మూడో ఆయన తన చేను వైపు చినుకే రాలలేదంటాడు. మర్నాడు పేపర్లో మండలం పేరు పక్కన ఇరవయ్యో ముప్పయ్యో మిల్లీమీటర్లు అని పడుతుంది. వాళ్లలో ఎవరూ అబద్ధం చెప్పలేదు, పేపరూ తప్పు రాయలేదు. ఉరుముల వాన ఒక ఊరి మీద కుండపోతగా కురిసి, పక్క ఊరిని వదిలేసి వెళ్లగలదు. మండల కేంద్రంలోని గేజ్ తన మీద పడిన వానను మాత్రమే చెబుతుంది.

అందుకే తమ ఊరి వానను తామే కొలుచుకోవాలన్న ఆలోచన తెలుగు రైతులకు కొత్తది కాదు. 2003లో మొదలైన ‘ఆంధ్రప్రదేశ్ రైతుల యాజమాన్యంలో భూగర్భజల వ్యవస్థలు’ అనే పథకం అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లోని కరువు పల్లెల్లో నడిచింది. నెదర్లాండ్స్ ప్రభుత్వం సాయం చేసింది. తర్వాత ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడైంది. ఆ ఊళ్లలో రైతులే రెయిన్‌గేజ్ చూసి వాన లెక్క రాసుకున్నారు, బోర్లలో నీటిమట్టం కొలిచారు, ఆ అంకెలను అందరికీ కనబడేలా గోడ మీది బోర్డుల మీద రాశారు. రబీకి ముందు ఊరంతా కూర్చుని, ఉన్న నీళ్లెన్ని, వేయబోయే పంటకు కావలసినవెన్ని అని లెక్క కట్టుకున్నారు.

అప్పట్లో చేతిలో ఉన్నది నోటు పుస్తకం. ఇప్పుడు దాదాపు ప్రతి ఇంట్లో కెమెరా ఫోను ఉంది కాబట్టి అంకె రాయడంతో పాటు గేజ్‌ని ఫొటో కూడా తీయవచ్చు. తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ లెక్క దగ్గరకొచ్చేసరికి పెద్దదవుతుంది. పుస్తకంలో తప్పుగా రాసిన అంకెను నెల తర్వాత సరిదిద్దే దారి లేదు. ఫొటో ఉంటే ఆ నీటిమట్టాన్ని ఊరంతా కలిసి మళ్లీ చదవవచ్చు.

నెలాఖరున అరగంట సమావేశం పెట్టి, ఆ ఫొటోలను వరసగా చూపిస్తూ నెల మొత్తం వాన ఎంతో ఊరివాళ్ల చేతే కట్టించడం ఎలాగో ఒక ఉదాహరణతో చూద్దాం. అనంతపురం ప్రాంతంలో ఒక పల్లె, నెల ఆగస్టు. ఊరు, రోజువారీ అంకెలు, మాట్లాడే మనుషులు లెక్క అర్థం కావడానికి కల్పించుకున్నవి. గేజ్ పనిచేసే తీరు, కొలిచే నియమాలు, దొర్లే తప్పులు మాత్రం నిజమైనవే.

మిల్లీమీటరు అంటే

సమావేశంలో మొదట తీరాల్సిన సందేహం ఒకటుంది. నీళ్లను లీటర్లలో కొలుస్తాం, వానను మాత్రం మిల్లీమీటర్లలో ఎందుకు చెబుతారు? పడిన వాన ఎటూ పారకుండా, ఇంకకుండా, ఆవిరి కాకుండా నేల మీదే నిలిచిపోతే ఎంత లోతు నిలుస్తుందో ఆ లోతే వర్షపాతం. ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడిందంటే అక్కడ సరిగ్గా ఒక లీటరు నీళ్లు పడినట్టు.

నిటారు గోడలున్న రెండు స్టీలు డబ్బాలను, ఒకటి వెడల్పుది, ఒకటి సన్నది, వానలో పక్కపక్కన పెడితే ఈ సంగతి కళ్లకు కడుతుంది. వెడల్పు డబ్బాలో నీళ్లు ఎక్కువ చేరతాయి. లోతు మాత్రం రెండింటిలోనూ ఒకటే ఉంటుంది. లోతుతో కొలిస్తే పాత్ర వెడల్పుతో పని లేదు.

వానను కొలవడం ఈ దేశంలో చాలా పాతది. కౌటిల్యుడి అర్థశాస్త్రం ధాన్యపు గిడ్డంగి దగ్గర మూర వెడల్పు మూతి ఉన్న కుండను వాన కొలతకు పెట్టమంటుంది. ఏ ప్రాంతంలో ఎంత వాన పడుతుందో కూడా అందులో ఉంది. గోదావరి పరిసరాల్లోని అశ్మక దేశానికి పదమూడున్నర ద్రోణాలు అని చెబుతుంది. ద్రోణం నీళ్ల పరిమాణాన్ని కొలిచేది, లోతును కాదు. అలా కొలవాలంటే అన్నిచోట్లా కుండ మూతి ఒకే వెడల్పులో ఉండాలి. అందుకే మూర అని ముందే నిర్ణయించారు.

మన ఉదాహరణలోని గేజ్ మూడు ముక్కలది. పైన గరాటు, దాని కింద సన్నటి పారదర్శక గొట్టం, రెండింటినీ పట్టి ఉంచే వెడల్పాటి బయటి పాత్ర. గరాటు మూతి వైశాల్యం గొట్టం వైశాల్యానికి పది రెట్లు. కాబట్టి ఒక మిల్లీమీటరు వాన పడితే గొట్టంలో నీళ్లు పది మిల్లీమీటర్ల ఎత్తు లేస్తాయి. ఇలా సాగదీసి చూపించడం వల్లే 0.2 మి.మీ. జల్లును కూడా కంటితో చదవగలుగుతాం. గొట్టం మీద అచ్చువేసిన గీతలు ఈ లెక్కను ముందే కలుపుకుని వేసినవి. బడి పిల్లల స్కేలు పెట్టి కొలిస్తే మాత్రం వాన పదింతలై కనిపిస్తుంది.

ఆ గొట్టంలో 25 మి.మీ. వాన పడుతుంది. అంతకు మించినది పొంగి బయటి పాత్రలో చేరుతుంది. ఈ ఒక్క సంగతి తర్వాత చాలా అవసరమవుతుంది.

గరాటుకు, గొట్టానికి మధ్య ఉన్న ఈ నిష్పత్తే గేజ్‌కు ప్రాణం. గరాటు పగిలిపోయిందని చేతికందిన ఇంకో గరాటు తెచ్చి పెడితే లెక్క పాడవుతుంది. 10 సెం.మీ. మూతి ఉన్నదాని స్థానంలో 12 సెం.మీ. మూతి ఉన్నది పెట్టారనుకుందాం. చూడ్డానికి తేడా రెండు సెంటీమీటర్లే, కానీ వైశాల్యం 44 శాతం పెరుగుతుంది. 10 మి.మీ. వానను గేజ్ 14.4 అని చూపిస్తుంది. అనుమానమొస్తే పరీక్షించడం తేలికే. మూతి వైశాల్యం 100 చదరపు సెంటీమీటర్లు ఉన్న గేజ్‌లో 100 మిల్లీలీటర్ల నీళ్లు పోస్తే అది సరిగ్గా 10 మి.మీ. చూపించాలి.

ఫొటో ఎలా ఉండాలి

నెలాఖరున పనికొచ్చే ఫొటో మూడు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. ఏ రోజుది? నీళ్లు ఎంతవరకు ఉన్నాయి? చూశాక గేజ్‌ను ఖాళీ చేశారా?

మొదటి ప్రశ్నకు ఫోను మీద ఆధారపడకూడదు. ఫోను తీసిన ఫొటోలో తేదీ, సమయం దాగి ఉంటాయి కానీ వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే ఆ వివరాలు పోతాయి. గ్రూపులో అటూ ఇటూ తిరిగాక ఏది ఏ రోజుదో తేల్చడం కష్టం. గేజ్ పక్కనే ఒక పలక పెట్టి, దాని మీద సుద్దముక్కతో తేదీ, సమయం, గేజ్ నంబరు రాసి, రెండూ కలిసి వచ్చేలా ఫొటో తీస్తే చాలు.

సమయం ఉదయం 8.30. దేశమంతటా వాతావరణ కేంద్రాలు రోజు వానను ఆ వేళకే లెక్కిస్తాయి. ఊరి గేజ్ కూడా అదే వేళకు చూస్తేనే మండలం లెక్కతో, జిల్లా లెక్కతో పోల్చడం కుదురుతుంది.

రెండో ప్రశ్నకు ఫొటో తీసే కోణం ముఖ్యం. ఫోను నీటిమట్టానికి సరిగ్గా ఎదురుగా ఉండాలి. నిలబడి పైనుంచి వంచి తీస్తే గొట్టం ముందువైపున్న గీతలు, లోపలి నీటిమట్టం ఒకే వరసలో ఉండవు. నీళ్లు ఉన్నదానికంటే కాస్త పైగీత దగ్గర ఉన్నట్టు కనిపిస్తాయి. కింది నుంచి తీస్తే తక్కువగా కనిపిస్తాయి. ఇంకోటి, సన్నటి గొట్టంలో నీళ్లు అంచుల దగ్గర గోడను పట్టుకుని కొంచెం పైకి పాకుతాయి, మధ్యలో పల్లంగా ఉంటాయి. చదవాల్సింది ఆ పల్లం అడుగును. గొట్టం వెనక తెల్ల కాగితం పెడితే గీతలు స్పష్టంగా వస్తాయి.

మూడో ప్రశ్నను చాలామంది మరచిపోతారు. చదివి, ఫొటో తీసి, నీళ్లు పారబోశాక ఖాళీ గొట్టాన్ని మళ్లీ ఒక ఫొటో తీయాలి. అదేం దండగ పని అనిపిస్తుంది. దాని విలువ ఆగస్టు 20న తెలుస్తుంది.

వాన పడని రోజు కూడా ఫొటో తీయాలి. గేజ్ చూసి ‘సున్నా’ అని రాయడం వేరు, చూడకుండా ఖాళీ వదిలేయడం వేరు. మొదటిది కొలత. రెండోది కొలత లేకపోవడం.

గోడ మీద నెల

సమావేశంలో ఫొటోలను ఫోనులో తిప్పి చూపిస్తే ముందు వరసలో ఇద్దరికి తప్ప ఎవరికీ కనబడవు. ఒక్కో ఫొటోను పెద్ద కాగితం మీద అచ్చు తీయించి, తేదీల వరసలో గోడకు అంటించాలి. ప్రతి ఫొటో కింద ఖాళీ గడి ఉంచాలి. చెప్పే మనిషి అంకె చెప్పకూడదు. ఊరివాళ్లలో ఒకరు లేచి వచ్చి నీటిమట్టం చదవాలి, ఇంకొకరు సరిచూడాలి, ఇద్దరూ ఒప్పుకున్నాక గడిలో రాయాలి.

మన ఊళ్లో అలా తీరిన లెక్క ఇది. చెప్పని తేదీలన్నీ చూసి రాసిన సున్నాలే.

ఆగస్టు 1: 5.0
ఆగస్టు 2: 3.2
ఆగస్టు 3: 0.6
ఆగస్టు 7: 11.8
ఆగస్టు 8: 4.4
ఆగస్టు 14: ఫొటో లేదు
ఆగస్టు 15: 9.0
ఆగస్టు 19: 25.0
ఆగస్టు 20: 13.0
ఆగస్టు 24: 0.2
ఆగస్టు 27: 7.2
ఆగస్టు 30: 2.4

ఇవన్నీ కూడితే 81.8 మి.మీ. ప్రతిరోజూ ఖాళీ చేసే గేజ్ కాబట్టి నెల వాన అంటే రోజువారీ అంకెల మొత్తం. ఇక్కడితో ఆపేస్తే సమావేశం పది నిమిషాల్లో అయిపోతుంది. ఊరికి తప్పు అంకె మిగులుతుంది.

వెనక వరసలోంచి ఒక రైతు లేచి అడగాల్సింది అడుగుతాడు. “పందొమ్మిదిన పాతికేనా సార్? ఆ రాత్రి మా చేని గట్టు తెగిపోయింది. మొన్న ఏడో తారీఖున పన్నెండు పడితే నీళ్లు మడి దాటలేదు. రెండింతలకే గట్టు తెగుతుందా?”

ఆ ప్రశ్న గోడ దగ్గరికి తీసుకెళ్తుంది. 19వ తేదీ ఫొటోలో గొట్టం అంచు దాకా నిండి ఉంది. నిండిన గొట్టం “25 పడింది” అని చెప్పడం లేదు. “కనీసం 25 పడింది, మిగతాది బయటి పాత్రలో చూడండి” అని చెబుతోంది. అదృష్టవశాత్తూ ఆ రోజు గేజ్ చూసిన అమ్మాయి ఫోనులో ఇంకో రెండు ఫొటోలున్నాయి. ఆమె నిండు గొట్టాన్ని పారబోసి, బయటి పాత్రలోని నీళ్లను గరాటుతో అదే గొట్టంలోకి వంచింది. మళ్లీ నిండింది. రెండో ఫొటో: 25.0. పారబోసి మిగిలినవి వంచింది. మూడో ఫొటో: 11.4. కాబట్టి ఆ రోజు వాన 25.0, 25.0, 11.4 కలిపి 61.4 మి.మీ. అంటించేటప్పుడు రోజుకొక్క ఫొటో చాలనుకుని మొదటిది మాత్రమే గోడకెక్కించారు. తప్పు కొలతలో లేదు, ఏరడంలో ఉంది.

ఇలాంటి తప్పును పసిగట్టడానికి ఒక సులువైన గుర్తుంది. గేజ్ పట్టగల గరిష్ఠ అంకె ఎక్కడైనా సరిగ్గా కనిపిస్తే, ఇక్కడ 25.0, ఆగి చూడాలి. వాన సరిగ్గా గొట్టం అంచు దగ్గరే ఆగడం అరుదు.

ఇరవయ్యో తేదీ చిక్కు

ఇప్పుడు 20వ తేదీ. గొట్టంలో 13.0 స్పష్టంగా కనిపిస్తోంది. గడిలో రాసింది సరిగ్గానే చదివారు. అయితే ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దావిడ ఒప్పుకోదు. “ఆ రోజు తుంపర పడింది అంతే నాయనా. నేను వాకిట్లో ఆరేసిన బట్టలు కూడా తీయలేదు.”

జ్ఞాపకం ఒక్కటే అయితే కొలతను కొట్టేయడానికి సరిపోదు. వరసలో ఫొటోలు చూస్తే జవాబు దొరుకుతుంది. ప్రతి వాన రోజుకూ రెండు ఫొటోలున్నాయి, నీళ్లతో ఒకటి, ఖాళీగా ఒకటి. 19వ తేదీకి మూడు నీళ్ల ఫొటోలున్నాయి కానీ చివర్లో ఖాళీ గొట్టం ఫొటో లేదు. రెండుసార్లు వంచి, పారబోసిన హడావుడిలో చివరి 11.4 గొట్టంలోనే ఉండిపోయింది. అమ్మాయిని అడిగితే అవునంది. 20న కనిపించిన 13.0లో 11.4 ముందు రోజుదే. కొత్తగా పడింది 1.6 మి.మీ. మాత్రమే. పెద్దావిడ చెప్పిన తుంపర అదే.

ఖాళీ గొట్టం ఫొటో ఎందుకు తీయమంటారో ఇక్కడ అర్థమవుతుంది. అది లేకపోయినా ముందు రోజు చివరి మట్టం ఫొటోలో ఉంది కాబట్టి తీసివేత చేయగలిగారు. అదీ లేకపోతే 20వ తేదీ పక్కన ‘అనుమానం’ అని రాసి వదిలేయడమే సరైన పని. ఎవరి అంచనాతోనో అంకె దిద్దడం మొదలుపెడితే గోడ మీద ఉన్నవాటిలో ఏది కొలతో ఏది ఊహో తర్వాత ఎవరికీ తెలియదు.

ఈ చిక్కు వెనక ఉన్నది రెండు పద్ధతుల కలగలుపు. గేజ్‌ను రోజూ ఖాళీ చేస్తే నెల మొత్తానికి కూడాలి. ఖాళీ చేయకుండా నీళ్లు పేరుకోనిచ్చే పెద్ద గేజ్ అయితే చివరి మట్టంలోంచి మొదటి మట్టం తీసేయాలి. రెండూ సరైనవే. పేరుకుపోయిన మట్టాలను రోజువారీ వానలనుకుని కూడితే మాత్రం అదే నీళ్లు రెండుసార్లు, మూడుసార్లు లెక్కకెక్కుతాయి.

చూడని రోజు

14వ తేదీన ఊళ్లో పెళ్లి. గేజ్ చూసేవాళ్లు లేరు. 15 ఉదయం 9.0 ఉంది. ఆ గడిలో సున్నా వేద్దామని ఒకరు, నాలుగున్నర చొప్పున రెండు రోజులకు పంచుదామని ఇంకొకరు అంటారు. రెండూ చేయకూడదు. 14 ఎదురుగా ‘చూడలేదు’ అని, 15 ఎదురుగా ‘9.0, రెండు రోజులకు కలిపి’ అని రాయాలి.

నెల మొత్తానికి దీనివల్ల నష్టం లేదు. నీళ్లు గొట్టంలోనే ఉన్నాయి, ఒక రోజు ఆలస్యంగా చదివారు. గరాటు కింద సన్నటి గొట్టంలో ఒక్క రోజులో ఆవిరయ్యేది కొద్దిపాటే. నాలుగైదు ఎండ రోజులు అలాగే వదిలేస్తే మాత్రం ఆ భరోసా ఉండదు. పోయింది వేరే సమాచారం. ఆ 9.0 ఒకే రోజు పడిందా, రెండు రోజులూ పడిందా అన్నది ఇక తేలదు.

ఇదే ఖాళీ నెల చివరి రోజున వస్తే చిక్కు పెద్దది. 31న చూడకుండా 1న చూస్తే, ఆ నీళ్లలో ఏ నెలది ఎంతో విడదీసే దారి లేదు. అందుకే నెలలో ఏ రోజు మానినా మానవచ్చు గానీ, మొదటి తేదీ, చివరి తేదీ మానకూడదని గేజ్ చూసేవాళ్లకు గట్టిగా చెబుతారు.

నెల సరిహద్దు దగ్గర ఇంకో వాదన తప్పదు. ఆగస్టు 31 రాత్రి మంచి వాన కురిసింది. సెప్టెంబరు 1 ఉదయం ఫొటోలో 18.0 ఉంది. “కురిసింది ఆగస్టులో కదన్నా, మన లెక్కలో కలపాల్సిందే” అంటాడో కుర్రాడు. కలపరు. 8.30కి చదివిన వాన చదివిన తేదీకే చెందుతుంది. అదే నియమం ప్రకారం జూలై 31 సాయంత్రం కురిసిన 5.0 ఆగస్టు 1 ఖాతాలోకి వచ్చింది. రెండు చివరలా ఒకే నియమం పాటిస్తే ఏ వానా రెండు నెలల్లో పడదు, ఏ వానా జారిపోదు. 31 ఉదయం చూసినప్పుడు గేజ్ ఖాళీగా ఉంది కాబట్టి ఆగస్టు లెక్క అక్కడ ముగిసింది.

సరిదిద్దిన మొత్తం

19న 25.0కి బదులు 61.4. 20న 13.0కి బదులు 1.6. మిగతావి అలాగే. ఈసారి ఒకేసారి కూడకుండా, ప్రతి వాన రోజు కింద అప్పటిదాకా పడిన మొత్తం రాస్తూ వెళ్తారు. 5.0, 8.2, 8.8, 20.6, 25.0, 34.0, 95.4, 97.0, 97.2, 104.4, చివరికి 106.8. ఈ వరస ఎప్పుడూ తగ్గకూడదు. ఎక్కడైనా తగ్గితే కూడికలో తప్పుంది. ఒక్కసారిగా ఎగిరితే, ఇక్కడ 34.0 నుంచి 95.4కి ఎగిరినట్టు, ఆ రోజు ఫొటోను మరోసారి చూడాలి. చూశారు, నిజమే.

ఆగస్టు వాన 106.8 మి.మీ.

మొదట వచ్చిన 81.8కి, దీనికి తేడా పాతిక మిల్లీమీటర్లు. ఉమ్మడి అనంతపురం జిల్లాకు ఆగస్టు సాధారణ వర్షపాతంగా ఏళ్ల తరబడి లెక్కల్లో వాడిన అంకె 88.7 మి.మీ. మొదటి మొత్తం ప్రకారం ఊళ్లో సగటు కంటే తక్కువ వాన పడింది. సరిదిద్దిన మొత్తం ప్రకారం ఐదో వంతు ఎక్కువ పడింది. గోడకు ఎక్కని రెండు ఫొటోలు, తీయని ఒక ఫొటో కలిసి లోటును మిగులుగా, మిగులును లోటుగా చూపగలవు.

ఎకరానికి ఇది ఎన్ని నీళ్లు? ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. ఒక్కో మిల్లీమీటరుకు 4,047 లీటర్లు. 106.8తో హెచ్చిస్తే దాదాపు 4,32,000 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్లతో తోలితే 86 ట్యాంకర్ల నీళ్లు ఒక్కో ఎకరం మీద పడ్డాయి. ఈ మాట విన్నాక గది గుసగుసలాడుతుంది. అయితే అవన్నీ నేలలో నిలిచాయని గేజ్ చెప్పడం లేదు. ఎంత వాగులోకి పారింది, ఎంత ఆవిరైంది, ఎంత బోర్లకు అందింది అన్నవి వేరే కొలతలు.

మొత్తం చెప్పని సంగతి ఇంకోటి ఉంది, రైతుకు అదే ఎక్కువ ముఖ్యం. 106.8లో 61.4 ఒక్క రోజు పడింది, అంటే సగానికి పైగా. వాతావరణ శాఖ 24 గంటల్లో 64.5 మి.మీ. దాటితేనే భారీ వర్షం అంటుంది కాబట్టి కాగితం మీద అది మోస్తరు వానే. గట్టు తెంచడానికి మాత్రం సరిపోయింది. ఇక 8వ తేదీ తర్వాత కనీసం ఐదు రోజులు చినుకు లేదు. వేరుశనగ ఊడలు దిగే వేళలో అలాంటి ఎండు విరామం ఎన్ని రోజులు సాగిందన్నది నెల మొత్తం కంటే ఎక్కువ తేల్చుతుంది. అదే 106.8 పది వానలుగా సర్దుకుని పడితే పంట వేరేగా ఉండేది.

అందుకే మొత్తంతో పాటు వాన రోజులు కూడా లెక్కిస్తారు. వాతావరణ శాఖ 2.5 మి.మీ. లేదా అంతకు మించి పడితేనే దాన్ని వాన రోజుగా పరిగణిస్తుంది. ఆ లెక్కన 30వ తేదీ 2.4 తో ఒక్క గీత తేడాలో తప్పిపోయింది. 3, 20, 24 తేదీలూ రావు. మిగిలినవి ఏడు. 9.0 రెండు రోజులదైతే ఎనిమిది కావచ్చు. చూడని రోజు వల్ల పోయింది ఇదే.

గేజ్ నిలబడిన చోటు

ఫొటోలు ఇంకో తప్పును కూడా బయటపెడతాయి. నీటిమట్టం మీదే చూపు పెట్టకుండా వెనకనున్న దృశ్యం చూడాలి. జూన్ ఫొటోల్లో గేజ్ పక్కన కంది మొలకలు కనిపిస్తాయి. ఆగస్టు చివరికి అదే కంది గేజ్ మూతిని దాటి ఎదిగింది. గాలితో ఏటవాలుగా వచ్చే చినుకులను మొక్క అడ్డుకుంటుంది, ఆకుల మీది నీళ్లు కొన్నిసార్లు గరాటులోకి కారతాయి. ఎటు చూసినా కొలత నమ్మదగ్గది కాదు. చెట్టు గానీ గోడ గానీ ఎంత ఎత్తుందో, గేజ్ దానికి కనీసం రెండింతల దూరంలో ఉండాలన్నది నియమం. ఐదు మీటర్ల వేపచెట్టు ఉంటే పది మీటర్ల అవతల. పంచాయతీ ఆఫీసు చూరు కింద పెట్టిన గేజ్ చూరు నీళ్లను కొలుస్తుంది. నెలకోసారి గేజ్ నుంచి నాలుగు దిక్కులకూ నాలుగు ఫొటోలు తీసి పెడితే ఎప్పటినుంచి అడ్డం వచ్చిందో తెలుస్తుంది.

అన్నీ సరిగ్గా ఉన్నా, గాలి బలంగా వీచే చోట గేజ్ కొంత తక్కువే పట్టుకుంటుంది. మూతి మీదుగా గాలి లేచి సన్న చినుకులను పక్కకు తోసేస్తుంది. ఊరికి రెండు కొసల్లో రెండు గేజ్‌లు పెడితే రెండూ ఒకే అంకె చూపించకపోవడం కూడా మామూలే. వేర్వేరు చోట్ల వేర్వేరు వాన పడింది. అప్పుడు రెండు మొత్తాలనూ విడివిడిగా కట్టి, ఊరి సగటు కావాలంటే చివర్లో తీయాలి. ఒక గేజ్ చూడని రోజున రెండో గేజ్ అంకె తెచ్చి అందులో పెట్టకూడదు.

సమావేశం ముగిసేముందు బోర్డు మీద ఆగస్టు గడిలో ఐదు వరసలు రాస్తారు. మొత్తం 106.8 మి.మీ. వాన రోజులు 7 లేక 8. ఒక్క రోజు ఎక్కువ వాన 61.4, తేదీ 19. చూడని రోజు ఒకటి, తేదీ 14. దిద్దిన రోజులు రెండు, 19, 20, ఫొటోల ఆధారంతో. చివరి రెండు వరసలు రాయడానికి మొదట్లో ఎవరికీ మనసొప్పదు, ఊరి తప్పులు గోడకెక్కించినట్టు అనిపిస్తుంది. రబీ పంటల లెక్కకు కూర్చున్నప్పుడు, లేదా మండల గేజ్ అంకెతో తేడా వచ్చి అధికారులతో మాట్లాడాల్సి వచ్చినప్పుడు, అడిగేవాళ్లు ముందుగా చూసేది ఆ రెండు వరసలనే. ఏ అంకెను ఎందుకు మార్చారో ఫొటో తీసి చూపించగలిగితే మిగతా 106.8 మీద వాదన ఉండదు.